‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’, ‘అరుదుగా’: పాలిటీ ప్రశ్నల్లో పరిమితి పదాలను చదివే పద్ధతి

గ్రూప్స్‌కో సివిల్స్ ప్రిలిమ్స్‌కో చదివేవారిలో ఒక చిట్కా చాలాకాలంగా నోటి మాటగా తిరుగుతోంది. ‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’, ‘అన్నీ’, ‘ఎప్పుడూ కాదు’ అన్న పదాలు కనబడితే ఆ వాక్యం తప్పని కొట్టేయాలని, ‘సాధారణంగా’, ‘కొన్ని’, ‘కావచ్చు’ అని ఉంటే సరైనదని పెట్టేయాలని ఆ చిట్కా చెబుతుంది. పాలిటీ ప్రశ్నల్లో దీన్ని నమ్ముకున్నవారు నష్టపోతారు. ద్రవ్య బిల్లును పార్లమెంటులో లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలన్నది నిజం. ఉపరాష్ట్రపతిని తొలగించే తీర్మానాన్ని రాజ్యసభలో మాత్రమే మొదలుపెట్టాలన్నదీ నిజం. చిట్కా ప్రకారం పోతే ఈ రెండూ తప్పులైపోతాయి.

ఈ చిట్కా పుట్టుకకు ఒక కారణం లేకపోలేదు. సామాన్య శాస్త్రంలోనో సమాజం గురించిన వాక్యాల్లోనో లోకం ఎలా ఉందో వర్ణిస్తాము, లోకంలో మినహాయింపులు ఎక్కువ కాబట్టి అక్కడ ‘అన్నీ’ అన్నది తరచుగా తప్పుతుంది. చట్టం లోకాన్ని వర్ణించదు, అది ఆజ్ఞాపిస్తుంది. ఒక అధికారాన్ని ఒకరికే కట్టబెట్టడం, ఒక పనిని పూర్తిగా నిషేధించడం రాజ్యాంగం చేసే పనుల్లో ముఖ్యమైనవి. అందుకే అక్కడ ‘మాత్రమే’ అన్నది ఆర్టికల్‌లో ఉన్న విషయమే కావచ్చు. పరిమితి పదం మీకు జవాబు చెప్పదు. ఏమి వెతికితే జవాబు దొరుకుతుందో చెబుతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ వెతుకులాట గురించినవే.

మొదటి అడుగు: పదం ఎక్కడుందో గుర్తించడం

ఆంగ్ల ప్రశ్నలో ఈ పదాలు విడిగా కనబడతాయి. తెలుగులో సగం సార్లు అవి ప్రత్యయాలుగా క్రియలోనో నామంలోనో కలిసిపోయి ఉంటాయి. ‘రాష్ట్రపతే నియమిస్తారు’ అన్నప్పుడు చివరి ‘ఏ’కారం ‘మాత్రమే’ చేసే పనే చేస్తోంది. ‘ఉంటేనే’, ‘ఆమోదిస్తేనే’, ‘అయితేనే’ అన్నవాటిలో తప్పనిసరి షరతు దాగి ఉంది. ‘ఏ సభలోనైనా’, ‘ఎవరైనా’ అన్న చోట ‘అన్నీ’ దాగి ఉంది. ‘తప్ప’, ‘మినహా’ అన్నవి మిగిలిన అన్నింటి గురించీ ఒక పెద్ద మాట చెప్పేస్తాయి. ‘వచ్చు’, ‘వలెను’, ‘తీరాలి’ అనే క్రియాంతాలు కూడా పరిమితులే.

ఒక ఉదాహరణ చూడండి: ‘సంబంధిత రాష్ట్ర శాసనసభ ఆమోదిస్తేనే పార్లమెంటు కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయగలదు.’ ఇందులో ‘మాత్రమే’ అన్న పదం ఎక్కడా లేదు, అయినా వాక్యం బరువంతా ‘ఆమోదిస్తేనే’లోని ‘నే’ మీద ఉంది. 3వ ఆర్టికల్ ప్రకారం రాష్ట్రపతి ఆ బిల్లును రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి, అయితే ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడి ఉండనక్కరలేదు. ఇది మన కళ్ళముందు జరిగింది. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. కాబట్టి ఆ వాక్యం తప్పు. అదే ఆర్టికల్ గురించి ‘రాష్ట్రపతి సిఫారసు ఉంటేనే అటువంటి బిల్లును ప్రవేశపెట్టాలి’ అని ఇస్తే అది సరైనది. రెండు వాక్యాల్లోనూ ప్రత్యయం ఒకటే, జవాబులు మాత్రం వేరు.

పెన్సిల్‌తో ప్రశ్నపత్రం మీదే ఆ పదాన్నో ప్రత్యయాన్నో చుట్టేయండి. ‘ఈ కింది వాటిలో సరికానిది ఏది’ అని ప్రశ్న అడిగినప్పుడు ‘సరికానిది’ని కూడా చుట్టండి. వాక్యాలన్నీ సరిగ్గా తేల్చుకున్నాక కూడా అక్కడ పొరపాటు చేసేవారు ఎందరో ఉన్నారు.

రెండో అడుగు: పదం దేన్ని పట్టుకుందో తేల్చుకోవడం

తెలుగులో ‘మాత్రమే’ తన ముందున్న పదాన్ని పట్టుకుంటుంది. ‘ద్రవ్య బిల్లును లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలి’ అంటే రాజ్యసభలో ప్రవేశపెట్టకూడదని అర్థం, అది నిజం. ‘లోక్‌సభలో ద్రవ్య బిల్లును మాత్రమే ప్రవేశపెట్టాలి’ అంటే లోక్‌సభలో ఇంకే బిల్లూ పెట్టకూడదని అర్థం, అది అబద్ధం. పదాలన్నీ అవే అయినా ‘మాత్రమే’ చోటు మారడంతో వాక్యం తలకిందులైంది. హడావిడిగా చదివే కన్ను రెండింటినీ ఒకేలా చూస్తుంది, ఎందుకంటే ద్రవ్య బిల్లు, లోక్‌సభ, మాత్రమే అన్న మూడు మాటలూ మన మనసులో ముందే జతపడి ఉన్నాయి.

వ్యతిరేక క్రియ చేరినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. ‘అన్ని రాష్ట్రాలలో విధాన పరిషత్తు లేదు’ అన్న వాక్యాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. ఏ రాష్ట్రంలోనూ లేదన్నది ఒక అర్థం, కొన్నింటిలో ఉంది కానీ అన్నింటిలో లేదన్నది మరొకటి. ఆరు రాష్ట్రాలలో, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో పరిషత్తు ఉంది కాబట్టి మొదటి అర్థంలో వాక్యం తప్పు, రెండో అర్థంలో సరి. అనువదించిన ప్రశ్నపత్రాలలో ఇటువంటి వాక్యాలు వస్తుంటాయి. అలాంటప్పుడు పక్కనే ఉన్న ఆంగ్ల పాఠాన్ని చదివి, వ్యతిరేకత ‘అన్ని’ మీద పడిందా క్రియ మీద పడిందా అని చూసుకోవాలి. రెండు పాఠాల మధ్య తేడా వస్తే ఏది ప్రామాణికమో ప్రశ్నపత్రం మొదటి పేజీలోని సూచనలు చెబుతాయి. ఆ సూచన చదవడానికి పట్టే అర నిమిషం వృథా కాదు.

మూడో అడుగు: వాక్యాన్ని ఏది పడగొడుతుందో అడగడం

పదాన్ని, దాని పట్టును గుర్తించాక ‘ఈ వాక్యం తప్పని తేలాలంటే నాకు ఏమి దొరకాలి?’ అని అడగండి. ‘అన్ని’, ‘ఎల్లప్పుడూ’, ‘ఏదైనా’ అన్నవాటిని ఒక్క మినహాయింపు పడగొడుతుంది. ‘అ మాత్రమే’ అన్నదాన్ని పడగొట్టడానికి అదే అధికారం గల ‘ఆ’ ఒకటి దొరికితే చాలు. ‘కొన్ని’ అన్నది దీనికి ఎదురుగా ఉంటుంది. అది నిలబడటానికి ఒక్క ఉదాహరణ చాలు కనుకనే మెత్తటి పదాలున్న వాక్యాలు ఎక్కువసార్లు సరైనవిగా తేలతాయి. చిట్కాలో ఉన్న కాస్త నిజం ఇంతే.

మెత్తటి పదాలన్నీ ఒకటి కావన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ‘అరుదుగా’ అన్న పదాన్ని రెండు వైపుల నుంచి పడగొట్టవచ్చు. విషయం తరచుగా జరుగుతున్నా అది తప్పే, అసలు ఒక్కసారీ జరగకపోయినా తప్పే. ‘ఆర్థిక అత్యవసర పరిస్థితిని మన దేశంలో అరుదుగా విధించారు’ అన్న వాక్యం మర్యాదగా, నమ్మదగినట్టుగా కనబడుతుంది. 360వ ఆర్టికల్ కింద ఆ పరిస్థితిని ఇప్పటివరకు ఒక్కసారి కూడా విధించలేదు కాబట్టి అది తప్పు. ‘అత్యధిక రాష్ట్రాలు’ అన్నచోట లెక్క పెట్టాలి. 28 రాష్ట్రాలలో 6 తీసేస్తే 22 మిగులుతాయి కనుక ‘అత్యధిక రాష్ట్రాలలో శాసన శాఖకు ఒకే సభ ఉంది’ అన్నది సరైనది.

కొన్నిసార్లు మెత్తదనం రాజ్యాంగంలోనే ఉంటుంది. రాజ్యసభ సభ్యులలో ‘వీలైనంత దగ్గరగా’ మూడింట ఒక వంతు మంది ప్రతి రెండో ఏడాది విరమిస్తారని 83వ ఆర్టికల్ చెబుతుంది. ప్రశ్నలో ‘కచ్చితంగా మూడింట ఒక వంతు’ అని వస్తే ఆ ‘కచ్చితంగా’ బయటి నుంచి చొప్పించినదని పసిగట్టాలి.

నాలుగో అడుగు: మినహాయింపును సరైన చోట వెతకడం

నేను చూసినంతలో అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మినహాయింపు కోసం ఊహను తడుముతారు, ఏదో ఒకటి ఉండే ఉంటుందిలే అనుకుని వాక్యాన్ని కొట్టేస్తారు. ఊహించిన మినహాయింపు లెక్కలోకి రాదు. దాన్ని పేరు పెట్టి చెప్పగలగాలి. మినహాయింపులు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి: అదే ఆర్టికల్ చివర ‘అయితే’ అంటూ మొదలయ్యే భాగంలో, ‘ఆయన లేనప్పుడు’, ‘వేరుగా నిర్దేశిస్తే తప్ప’ వంటి పదబంధాల్లో, లేదా తరువాతి సవరణలో.

సవరణలో దాగిన మినహాయింపుకు 358వ ఆర్టికల్ మంచి ఉదాహరణ. ‘ఏ కారణంతో జాతీయ అత్యవసర పరిస్థితి విధించినా 19వ ఆర్టికల్ కింది హక్కులు తమంతట తాము నిలిచిపోతాయి’ అన్న వాక్యం పాత నోట్సు చదివినవారికి సరైనదిగా తోస్తుంది. 1978 నాటి 44వ సవరణ దాన్ని మార్చింది. యుద్ధం లేదా విదేశీ దురాక్రమణ కారణంగా విధించినప్పుడు మాత్రమే 358 పనిచేస్తుంది, సాయుధ తిరుగుబాటు కారణంగా విధిస్తే పనిచేయదు. అందుచేత ‘ఏ కారణంతో విధించినా’ అన్న పరిమితి తప్పు. ఆ మాటను తీసి ‘యుద్ధ కారణంగా విధిస్తే’ అని పెడితే వాక్యం సరవుతుంది. పరిమితి పదాన్ని వేలితో మూసి మిగతా వాక్యాన్ని చదవడం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. మూసినప్పుడు నిజమై, తెరిచినప్పుడు అనుమానం వస్తే, ప్రశ్న రూపొందించినవారు ఆ పదాన్నే పరీక్షిస్తున్నారని అర్థం.

అధికారం వేరు, ఆచరణ వేరు అన్నది కూడా ఈ అడుగులోనే చూడాలి. ‘ఆర్థిక అత్యవసర పరిస్థితిని ఎప్పుడూ విధించలేదు’ అన్నది చరిత్ర, అది నిజం. ‘ఎప్పుడూ విధించలేరు’ అన్నది అధికారాన్ని కాదనడం, అది అబద్ధం. ‘లేదు’కూ ‘లేరు’కూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. మొదటిదానికి సాక్ష్యం జరిగిన సంఘటనల్లో ఉంటుంది, రెండోదానికి ఆర్టికల్‌లో ఉంటుంది.

ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి వరకు

అడుగులన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడటానికి పార్లమెంటు గురించి నేను తయారుచేసిన ఈ ప్రశ్నను తీసుకుందాం.

కింది వాక్యాలను పరిశీలించండి.
1. ద్రవ్య బిల్లును లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలి.
2. ఉభయ సభల సంయుక్త సమావేశానికి ఎల్లప్పుడూ లోక్‌సభ స్పీకరే అధ్యక్షత వహిస్తారు.
3. రాజ్యాంగ సవరణ బిల్లు కోసం ఎప్పుడూ సంయుక్త సమావేశం జరపడానికి వీలు లేదు.
4. బిల్లులపై సంయుక్త సమావేశాలు అరుదుగా జరిగాయి.

సరైనవి: ఎ) 1, 2 మాత్రమే బి) 1, 3 మాత్రమే సి) 1, 3, 4 మాత్రమే డి) 1, 2, 3, 4

చిట్కాను నమ్మినవారు మొదటి మూడింటినీ కొట్టేసి 4 ఒక్కటే సరైనదంటారు. అటువంటి ఆప్షన్ అసలు లేదు. ఇప్పుడు వరసగా చూద్దాం.

మొదటి వాక్యంలో ‘మాత్రమే’ పట్టుకున్నది ‘లోక్‌సభలో’ అన్న పదాన్ని. పడగొట్టాలంటే రాజ్యసభలోనూ ప్రవేశపెట్టవచ్చని చూపాలి. 109వ ఆర్టికల్ మొదటి క్లాజు ద్రవ్య బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టరాదని సూటిగా చెబుతోంది, పక్కన మినహాయింపు ఏదీ లేదు. వాక్యం నిలబడింది. ప్రశ్న పార్లమెంటు గురించి కాబట్టి రాష్ట్ర శాసనసభ ఇక్కడికి రాదు. ప్రశ్న మొదట్లో ఆ పరిధి చెప్పకపోతే మాత్రం అనుమానించే హక్కు మీకుంది.

రెండో వాక్యంలో ‘ఎల్లప్పుడూ’ ఒకటి, ‘స్పీకరే’లోని ఏకారం మరొకటి, రెండు పరిమితులున్నాయి. మూసి చదివితే ‘సంయుక్త సమావేశానికి స్పీకర్ అధ్యక్షత వహిస్తారు’ అన్న నిజమే మిగులుతుంది, చాలామంది కంఠస్థం చేసిన వాక్యం అదే. తెరిచి చదివితే ‘స్పీకర్ లేకపోతే ఎవరు?’ అన్న ప్రశ్న రావాలి. జవాబు 118వ ఆర్టికల్ నాలుగో క్లాజులో ఉంది: స్పీకర్, లేదా ఆయన లేనప్పుడు నియమావళి నిర్ణయించిన వ్యక్తి. ఇది పుస్తకానికే పరిమితమైన మినహాయింపు కాదు. 2002 మార్చి 3న, అప్పటి స్పీకర్, మన అమలాపురం నుంచి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి కైకలూరు సమీపంలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. అదే నెల 26న ఉగ్రవాద నిరోధక బిల్లు, అంటే పోటా కోసం సంయుక్త సమావేశం జరిగినప్పుడు స్పీకర్ పదవి ఖాళీగా ఉంది. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ అధ్యక్షత వహించారు. ‘ఎల్లప్పుడూ’ను పడగొట్టడానికి ఆ ఒక్క రోజు చాలు. మన రాష్ట్రానికి ఎంతో దుఃఖం మిగిల్చిన ఆ సంఘటనతో ముడిపడి ఉన్నందువల్లనేమో, ఇది ఒకసారి విన్న విద్యార్థులు మళ్ళీ మరచిపోవడం నేను చూడలేదు.

మూడో వాక్యం ‘వీలు లేదు’ అంటోంది కనుక ఇది అధికారం గురించినది. 108వ ఆర్టికల్ మాత్రమే చదివినవారు ఇక్కడ పొరపడే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ ఆర్టికల్‌లో పేరు పెట్టి మినహాయించినది ద్రవ్య బిల్లునే. రాజ్యాంగ సవరణ బిల్లుకు అడ్డు 368లో ఉంది. ప్రతి సభా విడివిడిగా, తన మొత్తం సభ్యులలో ఆధిక్యతతోనూ, హాజరై ఓటు వేసిన వారిలో మూడింట రెండు వంతుల ఆధిక్యతతోనూ ఆమోదించాలి. విడివిడిగా ఆమోదించాలన్నాక కలిపి కూర్చోబెట్టడానికి తావు లేదు. కాబట్టి ‘ఎప్పుడూ’ అన్నంత గట్టి పదం ఉన్నా వాక్యం సరైనదే.

నాలుగోది చరిత్ర గురించినది, కాబట్టి లెక్క కావాలి. 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో పోటా, ఇలా బిల్లుల కోసం మూడే సంయుక్త సమావేశాలు జరిగాయి. సున్నా కాదు, తరచూ కాదు. ‘అరుదుగా’ రెండు వైపుల నుంచీ నిలబడింది. జవాబు సి.

గట్టి పదాలున్న మూడు వాక్యాలలో రెండు సరైనవి, ఒకటి తప్పు అని గమనించండి. పదం గట్టిదనం వాటిని విడదీయలేకపోయింది. ఆర్టికల్‌లో ‘లేనప్పుడు’ అన్న మాట ఉండటమే విడదీసింది.

ఆప్షన్లలోని ‘మాత్రమే’ సంగతి

‘1, 3 మాత్రమే’ అన్న ఆప్షన్‌లో ఉన్న పదం పని వేరు. అది రాజ్యాంగం గురించి ఏమీ చెప్పదు, మిగిలిన వాక్యాలు తప్పని మాత్రం చెబుతుంది. పై ప్రశ్నలో 1, 3 సరైనవని తెలిసిన వెంటనే ‘బి’ పెట్టేసేవారు నాలుగో వాక్యాన్ని చదవకుండానే అది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ‘మాత్రమే’ ఉన్న ఆప్షన్‌ను ఎంచుకునే ముందు, అందులో లేని వాక్యాలను కూడా తప్పని రుజువు చేసుకోవాలి.

ఇటువంటి ఆప్షన్లలో మామూలుగా ఒక సౌలభ్యం ఉండేది. 2 తప్పని తెలిస్తే 2 ఉన్న ఎ, డి రెండూ ఒక్క దెబ్బతో పోయేవి. 2023 సివిల్స్ ప్రిలిమ్స్‌లో ‘ఒకటి మాత్రమే’, ‘రెండు మాత్రమే’, ‘మూడూ’, ‘ఏదీ కాదు’ అన్న రకం ఆప్షన్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. అక్కడ ఏ వాక్యాలు సరైనవన్నది కాక ఎన్ని సరైనవన్నదే జవాబు కనుక, ఒక్క వాక్యం విషయంలో పొరపడినా లెక్క మారిపోతుంది. ఒక వాక్యం తేలకపోతే రెండు ఆప్షన్లు మిగులుతాయి, రెండు తేలకపోతే మూడు మిగులుతాయి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోయే పరీక్షలో, ఒక్క వాక్యం మీదే సందేహం ఉంటే ప్రయత్నించడం, రెండింటి మీద ఉంటే వదిలేయడం నేను మా విద్యార్థులకు చెప్పే పద్ధతి. ఊహ పూర్తిగా గుడ్డిదైనా మూడింటిలో ఒకటి ఎంచుకోవడం వల్ల సగటున కొంచెం లాభమే వస్తుందని లెక్క చెబుతుంది. అయితే పరిమితి పదాల దగ్గర మన ఊహ గుడ్డిది కాదు, చిట్కా వైపు వంగినది. ప్రశ్న రూపొందించేవారికి ఆ వంపు తెలుసు.

‘అత్యంత సముచితమైనది ఏది’ అని ప్రశ్నలోనే పరిమితి ఉన్నప్పుడు పద్ధతి మార్చుకోవాలి. అక్కడ రెండు మూడు ఆప్షన్లు విడిగా చూస్తే నిజమే కావచ్చు, వాక్యాన్ని పడగొట్టే ప్రయత్నం ఉపయోగపడదు. మిగిలిన ఆప్షన్లను తనలో ఇముడ్చుకోగల ఆప్షన్ ఏదో, అడిగిన మాటకు సూటిగా తగిలేది ఏదో చూడాలి. నిర్వచనానికీ ఉదాహరణకూ మధ్య ఎంచుకోవలసి వస్తే నిర్వచనాన్ని ఎంచుకోండి.

ఈ పద్ధతి తేల్చలేని ప్రశ్నలు కొన్ని మిగులుతాయి. ‘సాధారణంగా’, ‘తరచుగా’, ‘అరుదుగా’ అన్నవాటికి హద్దు ఎక్కడో ఏ ఆర్టికల్‌లోనూ ఉండదు. మూడుసార్లు అరుదే, ముప్ఫైసార్లు అరుదా అంటే ఎవరి అభిప్రాయం వారిది. అటువంటి వాక్యం వచ్చినప్పుడు మిగిలిన వాక్యాలను ముందు తేల్చుకుని, వాటితో ఆప్షన్లు ఎంత తగ్గాయో చూసి, దాన్ని చివరికి వదలండి. ప్రాథమిక కీ వచ్చాక దానితో విభేదిస్తే అభ్యంతరం పంపే అవకాశాన్ని నియామక సంస్థలు ఇస్తాయి. అందులో ‘ఎల్లప్పుడూ అన్న పదం ఉంది కాబట్టి తప్పు’ అని రాస్తే ఫలితం ఉండదు. ఏ ఆర్టికల్, ఏ క్లాజు, అందులో ఏ పదబంధం ఆ పరిమితిని కాదంటోందో, అది ఎప్పుడు అమలైందో రెండు వాక్యాల్లో రాసి, ఆ పేజీ ప్రతిని జతచేయండి.